కట్ట లోపటి సప్పుడు లేని ఆకు

కబురున్నది. నోట్ల ఆగుతలేదు. కాని మా అమ్మకు చెప్పినట్టు మీకు చెప్ప. అమ్మకు ఫోన్ కలవంగనే మొదటి మాటల్నే కక్కేసిన. "మంచిగైంది బిడ్డా" అన్నది, పత్తి గింజలు పెట్టే పనుందని ఫోన్ పెట్టేసింది. ఎట్లైంది, ఎవరేమన్నరు, నేనేమన్న, ఏమన్న ఇన్నదా? ఏం లేదు. అందుకే ఈసారి మొదటికాడ్నుంచి చెప్త. కబురు దాని జాగల అదే వస్తది.

మాది చర్ల దాటినంక అడవిల ఊరు. డాంబరు రోడ్డు ఆగిపోయినకాడ ఆటో దిగి నడవాలె. మా ఇంట్ల మాట్లాడేది కోయ. బడిల నేర్సుకున్నది తెలుగు. భద్రాచలంల డిగ్రీకి పోతే ఎదురువడ్డది ఇంగ్లిష్. మా ఊర్ల డిగ్రీ పాసైంది నేనే మొదలు. బీఈడీ చేసింది గూడ నేనే. ఏం సబ్జెక్టు అని అడుగుతరు. ఇంగ్లిష్ అని చెప్తె ముందుగాల నా మొఖం దిక్కు, తర్వాత నా చెప్పుల దిక్కు సూస్తరు. "ఇంగ్లిషా? నువ్వా?" అంటరు. అవ్, నేనే. అడిగినోళ్ళందరికి గదే చెప్పిన, గంతే గట్టిగ చెప్పిన.

ఈ జూన్ల మా దిక్కున్న ఒక ఆశ్రమ పాఠశాలల ఇంగ్లిష్ గెస్ట్ టీచర్ కావాలన్నరు. ఒకటే పోస్టు. డెమో క్లాసు చెప్పాలె, ఎవరిది నచ్చితే వాళ్ళకే. నాకు ఆ పోస్టు గావాలె. ఎందుకంటే మా బాబాయి మణుగూరుల ఒక సూపర్‌మార్కెట్ల బిల్లింగ్ కౌంటర్‌కు నన్ను మాట్లాడిపెట్టిండు. "డెమో గిమో అయినంక సోమవారం వచ్చి చేరు, వాళ్ళు ఆగరు" అన్నడు. అంటే డెమో పోతదని ఆయనకు ముందే ఖాయం. కౌంటర్ల కూసునుడు తప్పు పని కాదు. కాని నేను చదివింది పాఠం చెప్పనీకి. పిల్లల ముందర నిలబడనీకి.

డెమోల ఏం చెప్పాలె అని ఆలోచన చెయ్యాల్సిన పనే లేదు నాకు. నా దగ్గర ఒకటున్నది. అది నాకెట్ల దొరికిందో చెప్పకుంటే మిగిలింది అర్థం గాదు.

డిగ్రీ మొదటి సంవత్సరంల మాకు డిక్టేషన్ పెట్టిన్రు. లెక్చరర్ మేడం పలుకుతది, మేం రాయాలె. ఆమె 'నాలెడ్జ్' అన్నది, నేను 'న' సప్పుడుకు ఎన్ తోని మొదలువెట్టిన. 'వెన్స్‌డే' అన్నది, ఇన్నది ఇన్నట్టు రాసిన. పేపరంత ఎర్ర సున్నాలు. నాకు సిగ్గు గాలె, కోపమొచ్చింది. తెలుగుల రాసినమంటే పలకాలె గదా. నోరు ఏమంటే చెయ్యి గదే రాస్తది. ఊకె కూసున్న అక్షరాన్ని ఎవడు మోస్తడు? మరి వీళ్ళేంది, నాలెడ్జ్ ముందల కె పెట్టి దాన్ని మూగదాన్ని చేసిన్రు. వెన్స్‌డే నడుమల డి ఒకటి, ఈ ఒకటి కుక్కిన్రు. నేను ఇన్నది తప్పా, వాళ్ళు రాసింది తప్పా?

ఆ ఎండకాలం సెలవులకు ఇంటికి పోయిన. మా దిక్కు ఎండకాలమంటే తునికాకు. బీడీలు చుట్టే ఆకు. అమ్మ తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చి పందిరి కింద కుప్ప పోసేది. ఇద్దరం కూసొని కట్టలు కట్టేది. యాభై ఆకులకు ఒక కట్ట. పొద్దుగూకకముందే కల్లానికి తీస్కపోవాలె. కల్లమంటే ఊరి బయట ఆకులు ఆరవెట్టే జాగ. ఆడ కల్లేదారు ఉంటడు, కట్టలు లెక్కవెట్టి తీస్కునేటోడు. ఆయనకు అనుమానమొస్తె కట్ట విప్పుతడు. పైనొకటి కిందొకటి పెద్దాకులేసి నడుమ చిల్లులువడ్డ చిల్లాకులు పెట్టేటోళ్ళుంటరు మరి.

నేను ఒక చేత్తోని ఆకులు పేరుస్తున్న, ఒళ్ళె పుస్తకం పెట్టుకొని గొణుగుతున్న.

"ఏందే, ఒక్క మాటనే పట్టుకొని నమిలినట్టు నములుతున్నవ్?" అన్నది అమ్మ.

"ఈ మాటలల్ల కొన్ని అక్షరాలుంటయమ్మా, పలుకయి."

"పలకనియి ఎందుకు వెట్టిన్రు?"

"నాకేం తెలుసు. వాళ్ళనే అడుగు."

"లోపటేసి కట్టిన్రేమో, లెక్కకు. విప్పి సూడు, ఏమున్నయో కనవడ్తయి" అన్నది, అని నా కట్ట గుంజుకొని లెక్కవెట్టింది. "పుస్తకం సూస్కుంట కట్టినవ్, రెండాకులు తక్కువున్నయి. మంచిగ చదువుతున్నవ్ పో."

ఆమె తిట్టింది తిట్టిందే గాని నాకు ఆ 'విప్పుడు' పట్టుకున్నది. వెన్స్‌డేను విప్పిన. వెడ్. నెస్. డే. ఎట్ల రాసి ఉన్నదో అట్ల, ఏ అక్షరాన్ని ఇడిసిపెట్టకుండ పలికిన. వెడ్-నెస్-డే! అమ్మకు నవ్వొచ్చింది, నాకు గూడ నవ్వొచ్చింది. కాని ఇగ ఆ డి మళ్ళ ఎన్నడు పోలే. నాలెడ్జ్‌ను విప్పిన. క్నౌ. లెడ్. గె. ఇగ కె ఏడికి పోతది? ఆనాటినుంచి నాకు రెండు నోర్లు. రాసేటప్పుడు లోపట పలికేది రాత నోరు. మందితోని మాట్లాడేటప్పుడు మాట నోరు. పరీక్షలల్ల రాత నోరు తోని రాసిన, ఇంటర్వ్యూలల్ల మాట నోరు తోని మాట్లాడిన. రెండింటికి ఎన్నడు లడాయి గాలె.

సరే, డెమో దినం.

బడికి పోయే తొవ్వల తునికి పొదలుంటయి. సీజన్ అయిపోయింది, ఆకులు ముదిరినయి, బీడీకి పనికిరావు. నాకు పనికొస్తయి. గుప్పెడు తెంపి సంచిల ఏస్కున్న. మార్కర్ పెన్ను తోని ఒక్కో ఆకు మీద ఒక్కో అక్షరం రాసి, నార తోని కట్టిన. తొమ్మిది ఆకుల చిన్న కట్ట.

బడి వరండాల నాకంటే ముందే వచ్చినోళ్ళున్నరు. ఒకామె లాప్‌టాప్ తెచ్చింది. ఇంకొకాయన చార్టులు తెచ్చిండు, రంగురంగులయి. నా సంచిలకెల్లి ఆకులు కనవడ్డయి. "మేకలకా?" అన్నడు చార్టులాయన. "అవ్, తినేటోళ్ళుంటె పెడ్త" అన్న.

లోపట సూసేటోళ్ళు ఇద్దరు. ఒకరు ప్రిన్సిపాల్ మేడం. ఇంకొకరు ఖమ్మం నుంచి పిలిపిచ్చిన ఇంగ్లిష్ సార్, ఏండ్లకేండ్లు కాలేజిల చెప్పి రిటైరైనాయన. ఇస్త్రీ అంగీ, జేబుల రెండు పెన్నులు. ముందర ఏడో తరగతి ఆడపిల్లలు. అందరివి మా అసొంటి ఊర్లే. ఎండకాలమంత ఆకు కోసి వచ్చిన పిల్లలు, వేళ్ళకు కమిలిన మచ్చలు ఇంకా పోలే.

నేను కట్ట పైకి లేపిన. "ఇదేంది?"

"తునికాకు కట్ట!" అన్నరు అందరు. గట్ల గొంతెత్తుతరని సార్‌కు తెల్వదు, ఉలిక్కివడ్డడు.

"దీని పేరు నాలెడ్జ్. దీన్ల ఏమేం ఉన్నయో సూడనీకి మనకు కల్లేదారు కావాలె. ఎవరైతరు?"

ముందు బెంచిల ఉన్న పిల్ల ఒకతి లేచింది. సన్నగున్నది, రెండు జడలు పైకి మడిసి కట్టింది. లేసుడు లేసుడే నడుం మీద చెయ్యేసింది, అచ్చం కల్లేదారు లెక్క. "ఏయ్, జరుగుర్రి, జరుగుర్రి" అన్నది. క్లాసంత నవ్వింది. ప్రిన్సిపాల్ మేడం గూడ నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నది.

ఆ పిల్ల నార విప్పింది. ఆకులన్ని బల్ల మీద వరసగ పరిసింది. నేను మాట నోరుతోని మెల్లగ పలికిన, "నాలెడ్జ్". ఆమె ఒక్కో ఆకు మీద ఏలు పెట్టుకుంట ఇన్నది. మొదటి ఆకు కాడ ఆగింది.

"టీచర్, దీనికి సప్పుడు లేదు."

"అవ్, లేదు. మరి ఏం చేద్దాం?"

నేను ఏమనుకున్న? 'దాసిపెట్టిన ఆకు దొరికింది టీచర్, గుర్తు పెట్టుకుందాం' అంటది అనుకున్న. ఆ పిల్ల ఏం చేసింది? కె ఆకు తీసి, రెండు దిక్కుల తిప్పి సూసి, కిటికీల కెల్లి బయట పారేసింది.

"చిల్లాకు" అన్నది. "చెల్లదు."

చేసింది తప్పా? కల్లంల గదే గదా చేస్తరు. లోపట దాసిపెట్టింది దొరికితె పారేస్తరు. నేను చెప్పిన ఉపమానమే నన్ను కిందేసింది. ఆకు కొయ్యని పిల్లలైతే ఈ తప్పు చెయ్యకపోదురు, వాళ్ళకు పారేసుడే తెల్వదు.

ఖమ్మం సార్ కుర్చీలకెల్లి నవ్విండు. చిన్నగ గాదు, మంచిగ సప్పుడొచ్చేటట్టు నవ్విండు.

"చూశారా మేడం? ఇప్పుడీ అమ్మాయి జన్మలో నాలెడ్జ్‌కి కె పెట్టదు. అమ్మా, ఇది ఇంగ్లిష్ క్లాసా, ఆకుల సంతా? ఆ అక్షరం సైలెంట్ అని చెప్పి, పదిసార్లు రాయించి ముందుకెళ్ళండి. ఆకులవీ పక్కన పెట్టండి."

అప్పుడు నాకు మణుగూరు కౌంటర్ కండ్ల ముందర కనవడ్డది. బీప్ బీప్ మని సబ్బులు, బిస్కట్లు. ఆయన చెప్పినట్టు చేస్తే కొంచెమన్న మార్కులు పడ్తయేమో. ఆకులు సంచిల ఏసుకోవచ్చు. చాక్‌పీస్ తీసుకోవచ్చు. నా చెయ్యి సంచి దాక పోయింది గూడ.

కాని ఆ పిల్ల నా దిక్కే సూస్తున్నది. సార్ నవ్వింది తనను సూసి అని దానికి అర్థమైంది. నడుం మీది చెయ్యి దిగిపోయింది.

"సార్, పాఠం కాలే. అయినంక నవ్వుర్రి" అన్న.

ఎట్లొచ్చిందో ఆ మాట. మేడం పెన్ను ఆపింది. సార్ కండ్లద్దాలు సవరిచ్చుకున్నడు. నేను బయటికి పోయి కిటికీ కింద పడ్డ ఆకు తెచ్చిన. దులిపిన. ఆ పిల్ల చేతికే ఇచ్చిన.

"కల్లేదారమ్మా, చిల్లాకు అని ఎట్ల చెప్తవ్? ఊకెనే చెప్తవా?"

"ఎండకు పట్టి సూస్త."

"ఎండకు పట్టి సూడకుండనే పారేస్తె?"

ఎనుక బెంచిలకెల్లి ఒకతి అందుకున్నది, "మా నాయన కట్ట గట్లనే పారేసిన్రు టీచర్, సూడనే లేదు! మా నాయన మస్తు లొల్లి పెట్టిండు!"

"మరి మనం గూడ గట్లనే చేద్దామా?"

"వద్దు!" అన్నరు.

"ఐతె ఈ ఆకును ఎండకు పడదాం. మాటలకు ఎండ ఏంటిదంటె, పక్క మాట. దీని సుట్టం మాట. ఈడ పలకనిది ఆడ పలికితె మంచాకే. ఏడ పలకకుంటె, అప్పుడు సూద్దాం."

సంచిలకెల్లి ఇంకో రెండాకులు తీసిన, ఒకదాని మీద ఎ రాసిన, ఒకదాని మీద సి రాసిన. కె ఆకును దాని జాగల పెట్టిచ్చి, ఈ రెండు దాని ముందల పెట్టిన. "ఇది అక్నాలెడ్జ్. మీ ఉత్తరం ముట్టింది, మీరన్నది నిజమే అని ఒప్పుకునుడు. ఇప్పుడు ఇను. అక్... నాలెడ్జ్."

ఆ పిల్ల పెదాలు కదిలినయి. అక్. అక్. ఒక్కపారి ఎగిరింది. "టీచర్! పలికింది! కె పలికింది!"

సార్ ఊకుంటడా? "అమ్మా, అక్కడ ముందు సి ఉంది కదా. పలికేది సి అని నేనంటే?"

మంచి ప్రశ్నే. ఆయన ఉత్తగ అడ్డం పడేటాయన కాదని అప్పుడే తెలిసింది. కాని నేను తగ్గలే. "సి, కె రెండు కలిసి ఒకటే సప్పుడు సార్. ఎవరి గొంతు ఎంతని నేను పంచ. కాని అక్ అని ఇనవడంగనే పిల్లకు ఆడ కె ఉన్నదని యాదికొస్తది. నాకు కావాల్సింది గదే."

"ఒక్క మాటకు కుదిరింది. ఇంకో మాట ఇస్తాను. సైన్. సంతకం పెట్టడం. అందులో జి ఉందని వీళ్ళకెలా తెలుస్తుంది?"

నేను పిల్లల దిక్కు తిరిగిన. "సైన్‌కు సుట్టం మాట చెప్పుర్రి. జి పలకాలె. గ్ అని."

పిల్లలు సైన్, సైన్ అని గొణుక్కుంటున్నరు. దాసుడెందుకు, నేనే చెప్పేద్దామా అనుకున్న. ఇంతల ఎనుక బెంచిలకెల్లి, అదే నాయన లొల్లి పెట్టిండన్న పిల్ల, "సిగ్నల్!" అన్నది.

"మళ్ళ చెప్పు!"

"సిగ్నల్ టీచర్! మా ఊర్ల లేదు!"

క్లాసు గొల్లుమన్నది. "మా ఊర్ల గూడ లేదు!" "మాది గుట్టెక్కాలె!" "మాకు చింతచెట్టు కాడ రెండు గీతలొస్తయి!" ఊర్ల లేని సిగ్నల్ల మాకు జి దొరికింది. నేను బోర్డు మీద రెండు మాటలు ఒకదాని కింద ఒకటి రాసిన. సిగ్నల్ల జి కింద గీత గీసిన, సైన్ల జి కింద గీసిన. ఇగ పిల్లలు ఆగుతరా? అప్పును డెట్ అంటరు, అండ్ల బి ఉంటది అని చెప్పంగనే సుట్టాన్ని నేను అడగకముందే "డెబిట్ కార్డు" అని వాళ్ళే పట్టుకొచ్చిన్రు. కబ్బోర్డు అంటరు గదా, దాన్ని విప్పుర్రి అంటె "కప్పు, బోర్డు!" అన్నరు. అండ్ల పి దొరికింది.

"మరి వెన్స్‌డేకి? దానికి చుట్టం ఎవరు?" అన్నడు సార్. ఈసారి ముందుకు వంగి కూసున్నడు.

"దానికి సుట్టాల్లేరు సార్. సుట్టాల్లేనోళ్ళను మనమే చూస్కోవాలె" అన్న. మేడం నవ్వింది. "గసొంటి మాటను విప్పి రాత నోరుతోని పలకాలె. పలుకుర్రి పిల్లలు. వెడ్!"

"వెడ్!"

"నెస్!"

"నెస్!"

"డే!"

ఆ గొంతులకు వంటశాలలకెల్లి గిన్నె కడుగుతున్నామె తొంగి సూసింది.

"ఆగండమ్మా, ఆగండి." సార్ చెయ్యెత్తిండు. "రేపు వీళ్ళు ఇంటర్వ్యూలో వెడ్-నెస్-డే అంటే? నవ్వుల పాలవరూ?"

"ఇప్పుడు మాట నోరు" అన్న పిల్లలతోని. "ఎట్లంటరు?"

"వెన్స్‌డే" అన్నరు, మెల్లగ, ముచ్చటగ.

"రెండు నోర్లు సార్. ఇంటికాడ కోయ, బడిల తెలుగు మాట్లాడే పిల్లలు వీళ్ళు. ఏడ ఏ నోరు తియ్యాల్నో వీళ్ళకు ఎవరు నేర్పాల్సిన పని లేదు."

నేను చెప్దామనుకున్న మాటలల్ల ఆఖరుకు ఫిబ్రవరి మిగిలింది. దాని కోసం నేను ఆకులు గూడ తియ్యలే. ఇంగ్లిషోళ్ళు మాట్లాడేటప్పుడు మస్తుమంది అండ్ల మొదటి ఆర్‌ను మింగుతరు. మనం మింగం. మన తెలుగుల ఫిబ్రవరి అంటం, బ కింద క్రావడి పెడ్తం. "మీరు తెలుగుల ఎట్ల రాస్తరో గట్ల యాది తెచ్చుకోర్రి, బి పక్కపొంటి ఆర్ ఉన్నదని మీ చెయ్యే చెప్తది. దాని ఎనుక యు. ఫెబ్-రు-అరి" అన్న. ఆ కల్లేదారు పిల్ల బోర్డు కాడికొచ్చి తప్పు లేకుండ రాసింది. రాసి, ఆర్‌ను చాక్‌పీస్ తోని ఇంకింత లావు చేసింది, ఎవరన్న పారేస్తరేమో అన్నట్టు.

డెమో అయిపోయింది. పిల్లలు పోయిన్రు. సార్ నన్ను కూసోమన్నడు.

"అమ్మా, పిల్లల్ని బాగా కదిలించారు, కాదనను. కానీ ఇదంతా దేనికి? డిక్షనరీ చూసుకోవడం నేర్పితే సరిపోతుంది కదా. స్పెల్లింగ్ సరిచూసుకోవడానికి అంతకంటే పద్ధతి లేదు."

ఈ మాట కోసమే ఎదురు సూస్తున్నట్టు అయింది నాకు. డిగ్రీల నేను ఎన్నిసార్లు ఆ డిక్షనరీ ముందర కూసున్నో ఆయనకేం తెలుసు.

"నేర్పుత సార్. కాని నాలెడ్జ్ అని ఇన్న పిల్ల డిక్షనరీల ఏ అక్షరం కాడ వెతుకుతది?"

సార్ జవాబు చెప్పకముందే నేనే అందుకున్న.

"ఎన్ కాడ. ఎంత తిప్పినా దొరకది. లేదనుకొని మూసిపెడ్తది. డిక్షనరీ తలుపు మొదటి అక్షరం సార్. ఆ అక్షరమే సప్పుడు చెయ్యకుంటె తలుపు ఏడున్నదో పిల్లకెట్ల ఎరుక? ఈడ ఫోన్ గూడ ఉండనియ్యరు, తప్పు రాసినా అదే సరిచేసి చూపియ్యనీకి. తలుపు కాడి దాక తోలుకపోయేది ఈ ఆకులే. ఆడికి పోయినంక డిక్షనరీ తీస్త, సుట్టాల్లేని మాటలన్నింటికి తీస్త."

ఆయన పెన్ను మూత తీసుకుంట పెట్టుకుంట కూసున్నడు. "నేను కూడా చిన్నప్పుడు నైఫ్ కోసం ఎన్‌లోనే వెతికాను" అన్నడు, నాతోని గాదు, మేడంతోని. మళ్ళ నా దిక్కు తిరిగి, "అయినా ఆ ఆకులు నాకు నచ్చలేదు" అన్నడు.

"నచ్చకున్నా సరే సార్" అన్న. "అబద్ధమని మాత్రం అనకుర్రి."

బయట వరండాల నిలబడ్డ. లాప్‌టాపామె పోయింది. చార్టులాయన చార్టులు చుట్టుకుంట, "ఏందక్కా లోపట గా కేకలు?" అని అడిగిండు. "మేకలకు ఆకులేసిన" అన్న. ఒక్క గీత సిగ్నలొచ్చి పోతున్నది, అండ్లనే మా బాబాయి ఫోన్ చేసిండు, ఎత్తలే.

మేడం పిలిచింది. సార్ అప్పటికే బండెక్కి పోయిండు. ఆయన రాసి ఇచ్చిన కాగితం ఆమె ముందున్నది గాని నేను దాని దిక్కు సూడలే, ఆమె మొఖం దిక్కే సూసిన.

"సార్ మీకే ఎక్కువ వేసిండు" అన్నది. "నేను గూడ. కాని ఒక మాట చెప్తున్న. పైనుంచి ఇన్‌స్పెక్షన్లొస్తయి. క్లాసు నిండ ఆకులు, కేకలు ఉంటే నన్నడుగుతరు. మీరు చేరుర్రి, కాని పుస్తకంల ఉన్నట్టు చెప్పుర్రి. ఆకులు తేవొద్దు."

ఇదే కబురు. ఉద్యోగమొచ్చింది! ఎగరాలనిపిచ్చింది. సరే మేడం అంటే అయిపోతుండె. కాని నోరు ఊకోలే.

"మేడం, ఆకులు తెస్త" అన్న.

ఆమె కండ్లు పెద్దగ చేసింది. "ఇంకా ఆర్డరు ఇయ్యలే నేను."

"ఇయ్యకముందే చెప్తున్న మేడం, ఇచ్చినంక చెప్తె మోసమైతది. ఆ పిల్లలకు ఇంగ్లిష్ ఎవరిదో అనిపిస్తది. నాకు గూడ గట్లనే అనిపిచ్చేది. తునికాకు వాళ్ళది. వాళ్ళదాంట్లకెల్లి రానియ్యుర్రి. ఇన్‌స్పెక్షనోళ్ళొస్తె ఏ పిల్లనన్న లేపి ఏ మాటన్న రాయమనుర్రి. రాయకుంటె అప్పుడు ఆకులు ఆపేస్త."

ఆమె స్టాంపు ప్యాడ్ దగ్గరికి గుంజుకున్నది.

"ఊడ్సేది మీరే" అన్నది. "ఆయమ్మకు చెప్ప నేను."

"ఊడుస్త మేడం!"

గుట్టెక్కి సిగ్నల్ దొరికినకాడ మా అమ్మకు ఫోన్ చేసింది గప్పుడే. పత్తి గింజల ముచ్చట మీకు చెప్పిన గదా. మా బాబాయికి గూడ చేసిన. "ఓ..." అన్నడు. "మరి కౌంటర్‌కు ఎవర్ని పంపుదు?" అన్నడు. "నువ్వే పో బాబాయ్" అన్న.

చేరిన వారంల బుధవారం వచ్చింది. బోర్డు మీద వారం పేరు రాసి, "చదువుర్రి" అన్న. ఏడో తరగతి అంత ఒక్కసారి, స్టాఫ్‌రూం దాక ఇనవడేటట్టు, వెడ్-నెస్-డే అన్నది. నేను అరవొద్దని చెప్పలే.

ఆనాడే నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఆ కల్లేదారు పిల్ల ముక్కుకు, అదే నోస్‌కు, ముందల కె పెట్టి రాసింది. నేమ్‌కు గూడ పెట్టింది. కె దొరికినంక ప్రతి ఎన్ కాడ కావలి పెట్టింది. పిలిచి చూపిచ్చిన. నేను ఆ కె కొట్టేస్తనేమో అన్నట్టు బుక్కు గుంజుకోబోయింది.

"ఎండకు పట్టినవా?"

"లేదు టీచర్."

"పట్టు. ముక్కుల వేసే మందును నేజల్ డ్రాప్స్ అంటరు. ఇనవడ్తున్నదా?"

నేజల్, నేజల్ అని మెల్లగ అనుకున్నది. తల అడ్డంగ ఊపింది. ఇంకో మాట అడిగింది, చెప్పిన. అండ్ల గూడ లేదు. అప్పుడు డిక్షనరీ తెచ్చి, ఈసారి ఎన్ కాడ తలుపు తీసి, ముక్కును ఆడనే పట్టుకున్నది. ఇగ సూడాలె దాని మొఖం. ఆకు మీద కె రాసింది, నడుం మీద చెయ్యేసింది, కిటికీ కాడికి పోయింది.

"చిల్లాకు" అన్నది. "చెల్లదు."

పారేయమన్న. పారేసింది. అడ్డం పడేటోళ్ళెవరు లేరు. గంట కొట్టినంక చీపురు తీస్కొని నేనే ఊడ్సిన.